మెకానికల్ నుంచి ప్రోడక్ట్ మేనేజ్‌మెంట్‌కి: కవర్ లెటర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

డిజైన్‌లోనో, ప్రొడక్షన్‌లోనో, సర్వీసులోనో నాలుగైదేళ్లు పనిచేసి ప్రోడక్ట్ మేనేజర్ ఉద్యోగాలకు అప్లై చేస్తున్న మెకానికల్ ఇంజినీర్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. జవాబులన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకున్నాం. బోరు మోటార్లు తయారుచేసే కంపెనీలో ఐదేళ్లు డిజైన్ ఇంజినీరుగా చేసిన ఒకావిడ, ఫోన్‌తో నడిచే మోటారు స్టార్టర్లు అమ్మే కంపెనీలో ప్రోడక్ట్ మేనేజర్ పోస్టుకు లేఖ రాస్తున్నారు. ఆవిడా, ఆవిడ అంకెలూ కల్పితం. మోటార్లు కాలిపోయే కారణాలు మాత్రం అసలైనవే. లేఖ ఎలాగూ ఇంగ్లీషులోనే వెళ్తుంది, ఇక్కడ అందులో ఏముండాలో తెలుగులో చెప్పాం.

## జేడీ చదివేటప్పుడు

"జేడీలో మూడేళ్ల ప్రోడక్ట్ మేనేజ్‌మెంట్ అనుభవం అడిగారు. నాకు ఒక్క నెల కూడా లేదు. అప్లై చేయడం దండగేనా?"

ఏళ్ల లైను పక్కనపెట్టి, కింద రాసిన బాధ్యతలు చదవండి. వాటిలో సగమైనా వేరే పేరుతో మీరు చేసిన పనులే అయితే అప్లై చేయండి. వస్తువు మీకు తెలిసిన వస్తువైతే ఇంకా మంచిది. బోరు మోటారు ఎందుకు కాలుతుందో తెలిసినవాళ్లు స్టార్టర్ కంపెనీకి పనికొస్తారు. అదే మనిషి పేమెంట్ యాప్ పోస్టుకు రాస్తే ఆ ఐదేళ్లకు అక్కడ విలువ ఉండదు, ఎంత బాగా రాసినా లేఖ ఆ లోటు తీర్చలేదు.

ఒక చిక్కుంది. కొన్ని పోర్టళ్లు "ప్రోడక్ట్ మేనేజ్‌మెంట్‌లో ఎన్నేళ్లు" అని అంకె అడుగుతాయి. అక్కడ నిజం చెప్పి సున్నా వేస్తే, మీ లేఖను ఎవరూ తెరవకముందే అప్లికేషన్ పక్కకు పోవచ్చు. ఐదు అని వేస్తే ఇంటర్వ్యూలో మొదటి పది నిమిషాల్లోనే దొరికిపోతారు. అలాంటి చోట ఆ కంపెనీలో పనిచేసే ఎవరిచేతనైనా రిఫరల్ పెట్టించండి, లేదా ఆ టీము మేనేజరుకే లేఖ అందేలా చూడండి. మనిషి చదివితేనే ఈ లేఖకు ప్రయోజనం.

"నాలో వాళ్లకు ఏ ఖాళీలు కనిపిస్తాయో ముందే ఎలా తెలుస్తుంది?"

కాగితం మీద మూడు గడులు గీయండి. మొదటి గడిలో జేడీ లైను ఉన్నది ఉన్నట్టు, రెండో గడిలో మీరు చేసిన పనుల్లో దానికి దగ్గరగా ఉన్నది, మూడో గడిలో దానికి రుజువు రాయండి. అరగంట పని. గడులు నిండాక ఖాళీలన్నీ ఒక రకం కావని మీకే తెలుస్తుంది.

"ఇంజినీరింగ్, సేల్స్, సర్వీసు టీములతో కలిసి పనిచేయాలి" అన్న లైను చూడండి. డ్రాయింగ్‌లో మార్పు కోసం ఈసీఎన్ తీసిన ప్రతిసారీ పర్చేజ్, క్వాలిటీ, సర్వీసు వాళ్ల సంతకాలకు తిరిగినవాళ్లు ఆ పని చేసినవాళ్లే. తేడా పేరులోనే ఉంది. "కస్టమర్ సమస్యలు గుర్తించాలి" అన్న లైనుకు వారంటీలో తిరిగొచ్చిన మోటార్లు విప్పి చూసిన పని సరిపోతుంది, కానీ రెజ్యూమెలో అది "ఫెయిల్యూర్ అనాలిసిస్" అనే రెండు మాటల్లో దాగి ఉంటుంది. ఇక్కడ పని ఉంది, రుజువు కనిపించడం లేదు. "డేటా ఆధారంగా నిర్ణయాలు, ఎస్‌క్యూఎల్ తెలిసి ఉండాలి" అన్నచోట మాత్రం నిజంగానే ఏమీ ఉండకపోవచ్చు. పేరు తేడాకు లేఖలో ఒక మాట మారిస్తే చాలు, కనిపించని రుజువుకు ఒక పేరా కావాలి. నిజంగా లేనిదానికి లేఖ రాయడానికి ముందే కొంత పని చేసి పెట్టుకోవాలి.

"కనిపించిన ఖాళీలన్నిటికీ లేఖలో సంజాయిషీ ఇవ్వాలా?"

వద్దు. రెండు చాలు. ఐదు లోపాలకు ఐదు సమాధానాలు చెప్పిన లేఖ నేరం ఒప్పుకుంటున్నట్టు ఉంటుంది, పైగా చదివేవాళ్లు గమనించని లోపాలను కూడా మీరే ఎత్తి చూపినట్టవుతుంది. జేడీ బాధ్యతల్లో మొదటి మూడు లైన్లలో ఉన్నదీ, వేర్వేరు మాటల్లో రెండుసార్లు వచ్చినదీ తీసుకోండి. "ఉంటే మంచిది" అన్న జాబితాలో ఉన్న వాటి జోలికి వెళ్లొద్దు.

## లేఖ రాసేటప్పుడు

"మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. 'ఈ పోస్టుకు దరఖాస్తు చేస్తున్నాను' తప్ప ఏమీ తోచడం లేదు."

వాళ్ల వస్తువు గురించి, ఆ రంగంలో పనిచేసినవాళ్లకే తెలిసే ఒక విషయంతో మొదలుపెట్టండి. మన ఉదాహరణకు కరెంటు సరఫరా విషయం బాగా నప్పుతుంది. కరెంటు ఏ వేళకు వస్తుందో తెలియని చోట, రాగానే తనంతట తాను మోటారును ఆన్ చేసే ఆటో స్టార్టర్ రైతుకు రాత్రి నిద్ర మిగిల్చింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలయ్యాక, నీళ్లు వృథా అవుతున్నాయని ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులకు చెప్పింది. అప్పటిదాకా ఆన్ చేయడమే సమస్య, ఆ తర్వాత సమయానికి ఆపడం సమస్య అయింది.

ఈ నాలుగు మాటల్నీ రెండు వాక్యాలకు కుదించి, "మీ స్టార్టర్‌కు రెండు రకాల రైతులున్నారు, ఒకరికి కావలసింది ఆన్, ఇంకొకరికి ఆఫ్" అని ముగిస్తే, చదివేవాళ్లకు మీ పదవి పేరు గుర్తుకు రాకముందే మీ ఆలోచన అందుతుంది. కంపెనీ వెబ్‌సైట్‌లోని పొగడ్తను తిరిగి వాళ్లకే అప్పజెప్పడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

"ఎఫ్‌ఎంఈఏ, పీప్యాప్, ఈసీఎన్, బామ్ అని రాస్తే వాళ్లకు అర్థమవుతుందా?"

మొదట చదివే హెచ్‌ఆర్ మనిషికి అర్థం కాదు. లేఖ మొత్తంలో అలాంటి మాట ఒకటి ఉంటే చాలు, అదీ పక్కనే మామూలు మాటల్లో చెప్పగలిగితేనే. "బామ్ ఖర్చు తగ్గించాను" అనే బదులు "ఒక్కో మోటారు తయారీ ఖర్చు తగ్గించాను" అనండి.

దీనికి ఎదురు తప్పు కూడా చాలామంది చేస్తారు. చేసిన పనికి కొత్త రంగం పేర్లు తగిలిస్తారు. ఈసీఎన్ రిజిస్టర్ చూసుకున్నవాళ్లు "బ్యాక్‌లాగ్ నడిపాను" అనీ, పైలట్ లాట్ వేసినవాళ్లు "బీటా లాంచ్ చేశాను" అనీ రాస్తారు. ప్రోడక్ట్ మేనేజర్‌కు అది ఇట్టే తెలిసిపోతుంది. "పైలట్ లాట్‌లో 50 మోటార్లు మూడు జిల్లాల డీలర్లకు ఇచ్చి, ఒక సీజను చూశాకే పూర్తి ఉత్పత్తికి ఒప్పుకున్నాం" అని జరిగింది జరిగినట్టు రాయండి. అది బీటా లాంటిదని వాళ్లే అనుకుంటారు.

"ఎఫ్‌ఎంఈఏ చేశాను కాబట్టి ప్రయారిటైజేషన్ వచ్చు అని రాయొచ్చా?"

అలాగే రాస్తే దెబ్బతింటారు. రెండూ అంకెలు గుణించి వరస కట్టడమే కాబట్టి ఒకటే అనిపిస్తాయి. సంప్రదాయ ఎఫ్‌ఎంఈఏ లెక్క ఇది:

```
RPN = S × O × D
```

తీవ్రత, ఎంత తరచుగా వస్తుంది, ముందే పట్టుకోవడం ఎంత కష్టం, ఒక్కోటి 1 నుంచి 10 వరకు. ప్రోడక్ట్ టీముల్లో ఎక్కువగా వినిపించే లెక్కల్లో ఒకటి ఇది:

```
RICE = (Reach × Impact × Confidence) / Effort
```

ఎంతమందికి చేరుతుంది, ఎంత ప్రభావం చూపుతుంది, ఆ అంచనా మీద ఎంత నమ్మకం ఉంది, ఈ మూడింటినీ గుణించి పట్టే శ్రమతో భాగిస్తారు. మొదటి లెక్క అడిగేది "ఏది చెడిపోవచ్చు" అని. రెండోది అడిగేది "ఏది చేస్తే గిట్టుబాటు" అని. మొదటిదాంట్లో శ్రమకు చోటే లేదు, రెండోదాంట్లో అన్నిటినీ శ్రమతో భాగిస్తారు. ఈ తేడా తెలుసని చూపించిన వాక్యమే ఖాళీని పూడుస్తుంది.

ఎఫ్‌ఎంఈఏ లోపల పనిచేసినవాళ్లకే తెలిసే మరో సంగతి కూడా ఇక్కడ ఉపయోగపడుతుంది. 10 × 2 × 5 చేసినా 100, 5 × 5 × 4 చేసినా 100. మొదటిది ప్రాణాపాయం కావచ్చు, రెండోది చికాకు మాత్రమే కావచ్చు. ఇలాంటి లోపాల వల్ల 2019లో వాహన పరిశ్రమ సంఘాలు తెచ్చిన ఏఐఏజీ-వీడీఏ హ్యాండ్‌బుక్ ఆర్‌పీఎన్‌ను పక్కనపెట్టి యాక్షన్ ప్రయారిటీ అనే పద్ధతి తెచ్చింది. "స్కోరు ఒకటే వచ్చినా రెండు పనులు ఒకటి కావని నాకు ఎఫ్‌ఎంఈఏ నేర్పింది" అని ఒక వాక్యం రాసి, వెంటనే మీరు వద్దనుకుని వదిలేసిన పని ఒకటి చెప్పండి. ఏం చేశారన్నది రెజ్యూమె చెబుతుంది. ఏది ఎందుకు వదిలేశారన్నది లేఖ చెప్పాలి.

"డిజైన్ నాది, నిర్ణయం మా మేనేజర్‌ది. ఇక నేనేం చెప్పుకోను?"

నిర్ణయం మీద సంతకం ఎవరిదైనా, దాని ముందు పెట్టిన దారులు ఎవరు తెచ్చారో చెప్పుకోవచ్చు. "రెండు ప్రత్యామ్నాయాలు లెక్కలతో ముందు పెట్టాను, రెండోదాన్ని సిఫార్సు చేశాను, డిజైన్ హెడ్ ఆమోదించారు" అని రాయడంలో చిన్నతనమేమీ లేదు. ప్రోడక్ట్ మేనేజర్‌కు కూడా ఇంజినీర్ల మీద అధికారం ఉండదు, ఒప్పించడమే పని. పైవాళ్లను ఒప్పించిన సందర్భమే మీకు కావలసిన రుజువు. "నేనే నిర్ణయించాను" అని పెంచి రాస్తే, రిఫరెన్సు ఫోన్ కాల్‌లో ఆ వాక్యం నిలబడదు.

"మాటలు కాదు, ఆ ముఖ్యమైన పేరా ఒకటి రాసి చూపించండి."

ముందు మామూలుగా రాసేది చూడండి: "ఐదేళ్లుగా సబ్‌మెర్సిబుల్ మోటార్ల డిజైన్, వాలిడేషన్, ఫెయిల్యూర్ అనాలిసిస్‌లో విస్తృత అనుభవం ఉంది. సమస్యా పరిష్కారంలో నైపుణ్యం ఉంది." ఇందులో తప్పేమీ లేదు, కానీ ఈ రెండు వాక్యాలు ఎవరైనా రాయగలరు.

ఇప్పుడు ఆవిడ రాయవలసింది:

"వారంటీలో తిరిగొచ్చిన 60 మోటార్లు సర్వీసు టీముతో కలిసి విప్పి చూశాను. 34 మోటార్లలో వైండింగ్ కాలింది. వాటిలో 21 మోటార్లలో వైండింగ్ అంతా ఒకే తీరున మాడిపోయి, బేరింగ్ కూడా అరిగి ఉంది. ఆ డీలర్లను అడిగితే అవన్నీ నీళ్లు అడుగంటిన బోర్లని తేలింది, అంటే మోటారు నీళ్లు లేకుండా తిరిగింది. వైండింగ్ వైరు మార్చాలన్న ప్రతిపాదన అప్పటికే ఉంది. దానివల్ల ప్రతి మోటారు ధర పెరుగుతుంది, కాలిపోవడం మాత్రం కొంత ఆలస్యమవుతుందంతే. నీళ్లు అయిపోతే కరెంటు లోడు పడిపోతుంది కాబట్టి, దాన్ని పసిగట్టి మోటారును ఆపే రక్షణను స్టార్టర్ డబ్బాలో పెట్టాలని సిఫార్సు చేశాను. సెట్టింగు మరీ బిగించొద్దని కూడా చెప్పాను, ఎందుకంటే ఊరికే ట్రిప్ అయ్యే డబ్బాను రైతు పీకేయించి డైరెక్టు కనెక్షన్ పెట్టిస్తాడు."

ఇందులో ప్రోడక్ట్ మేనేజ్‌మెంట్ అన్న మాటే లేదు. కానీ సమస్య ఎక్కడుందో వెతకడం, రెండు దారులు పోల్చడం, ఒకటి వదిలేయడం, వాడేవాళ్లు ఎలా ప్రవర్తిస్తారో ముందే ఊహించడం అన్నీ ఉన్నాయి. చివరి వాక్యమే అన్నిటికంటే బలమైనది. అది డ్రాయింగ్ బోర్డు దగ్గర కూర్చుంటే తెలిసేది కాదు.

## నిజంగానే రాని వాటి గురించి

"ఎస్‌క్యూఎల్ రాదు. 'త్వరగా నేర్చుకుంటాను' అని రాస్తే సరిపోతుందా?"

సరిపోదు, ఆ మాట అందరి లేఖల్లోనూ ఉంటుంది. జేడీ అడిగే స్థాయి సాధారణంగా చిన్నదే. పట్టికలోంచి కావలసిన వరసలు తీయడం, గుంపులు చేయడం, రెండు పట్టికలు కలపడం చాలు. ఎక్సెల్‌లో పివోట్ టేబుల్ చేసే వాళ్లకు రెండు మూడు వారాల సాయంత్రాలు పడుతుంది. మీకు బాగా తెలిసిన విషయం మీద, మీరే కల్పించిన డేటాతో ఒక చిన్న అభ్యాసం చేయండి:

```sql
SELECT failure_mode, COUNT(*) AS claims
FROM warranty
WHERE months_in_use <= 12
GROUP BY failure_mode
ORDER BY claims DESC;
```

ఏడాదిలోపు చెడిపోయిన మోటార్లను కారణాల వారీగా లెక్కపెట్టి, ఎక్కువ నుంచి తక్కువకు పేరుస్తుంది ఇది. లేఖలో ఒక్క వాక్యం రాయండి: "ఎస్‌క్యూఎల్ ఉద్యోగంలో వాడలేదు. వారంటీ విశ్లేషణ ఎక్సెల్‌లో చేసేదాన్ని, అదే లెక్కను నమూనా డేటాతో ఎస్‌క్యూఎల్‌లో మళ్లీ చేసి చూశాను." లేదని ఒప్పుకున్న వాక్యంలోనే రుజువూ ఉంది. ఆఫీసు డేటాను ఇంటి కంప్యూటర్‌కు తెచ్చి మాత్రం ఈ పని చేయొద్దు.

"కస్టమర్లతో నేరుగా మాట్లాడలేదు. మాకు అంతా డీలర్లే చెబుతారు."

తయారీ రంగం నుంచి వచ్చేవాళ్లలో ఎక్కువగా కనిపించే అసలు ఖాళీ ఇదే. రెండు ఆదివారాల్లో పూడ్చుకోవచ్చు. ఐదుగురు రైతుల్ని, ఇద్దరు వైండింగ్ షాపు మెకానిక్‌లను కలవండి. "ఇలాంటి యాప్ వస్తే వాడతారా?" అని అడగొద్దు. మర్యాదకు అందరూ వాడతామనే అంటారు. "పోయినసారి మోటారు కాలినప్పుడు ఏం జరిగింది? ముందు ఎవరికి ఫోన్ చేశారు? బోరులోంచి పైకి తీయడానికి ఎంతయింది? ఎన్ని రోజులు నీళ్లు ఆగాయి?" అని జరిగినదాని గురించే అడగండి.

వచ్చిన వాటిలో మీరు ముందు అనుకున్నదానికి ఎదురుగా నిలిచిన ఒక్క సంగతి లేఖలో పెట్టండి. ఉదాహరణకు, రివైండింగ్ ఖర్చు కంటే మోటారును పైకి తీసి మళ్లీ దించే కూలీ గురించే రైతులు ఎక్కువగా చెప్పుకున్నారనుకోండి, అది రాయదగ్గది. ఏడుగురితో మాట్లాడితే ఏడుగురితో అనే రాయండి. "యూజర్ రీసెర్చ్ నిర్వహించాను" అంటే ఏడుగురి మాట కూడా అనుమానంగా కనిపిస్తుంది.

"స్ప్రింట్లు, జిరా, యూజర్ స్టోరీలు ఏవీ తెలియవు. సర్టిఫికెట్ తీసుకోనా?"

రెండు రోజుల కోర్సు సర్టిఫికెట్ రెజ్యూమెలో ఒక లైనుకు పనికొస్తుంది, లేఖలో చోటు దండగ. జిరా ఒక పనిముట్టు, వారంలో అలవాటవుతుంది. చదివేవాళ్ల అసలు భయం వేరే ఉంది. అచ్చు తయారయ్యాక మార్పంటే వారాలు, లక్షలు. ఆ వాతావరణంలో పెరిగిన మనిషి అన్నీ ముందే తేలాలని పట్టుబట్టి, రెండు వారాలకోసారి కొంచెం కొంచెం విడుదల చేసే టీమును ఆపేస్తారేమోనని వాళ్ల అనుమానం.

దానికి నేరుగా జవాబివ్వండి. స్టార్టర్ ఉదాహరణలో ఆవిడ ఇలా రాయొచ్చు: "డబ్బాలోని సెన్సరూ రిలే ముందే ఖరారు కావాలి, ఎందుకంటే పొలంలో బిగించాక మార్చలేం. ట్రిప్ అయ్యే పరిమితినీ రైతుకు వెళ్లే కాల్‌నూ సాఫ్ట్‌వేర్‌లో ఉంచితే వాడకాన్ని చూసి సరిచేయొచ్చు." ఏది గట్టిగా ఉండాలో ఏది కదలాలో తెలిసిన మనిషి అని ఈ రెండు వాక్యాలే చెబుతాయి. హార్డ్‌వేరూ సాఫ్ట్‌వేరూ కలిసిన వస్తువుకు కావలసింది సరిగ్గా ఆ వివేకమే.

"ఎంబీఏ లేదు."

"ఉంటే మంచిది" అని రాసి ఉంటే లేఖలో ఎత్తొద్దు. తప్పనిసరి అని ఉంటే ఆ కంపెనీకి రిఫరల్ లేకుండా పంపడం వృథా.

"మెకానికల్ ఎందుకు వదిలేస్తున్నారు అన్నదానికి ఏం రాయాలి?"

జీతం, ఎదుగుదల లేకపోవడం, ప్లాంటు ఊరికి దూరం, ఇవన్నీ నిజమే కావచ్చు, లేఖలో మాత్రం వద్దు. చేసిన పనిలోనే కారణం వెతకండి. "మోటారును ఎలా బాగుచేయాలన్నది నా చేతిలో ఉంది, అసలు మోటారునే మార్చాలా స్టార్టర్‌ను మార్చాలా అన్నది నా చేతిలో లేదు. నేను చేయాలనుకుంటున్నది ఆ రెండోది." ఇంతకంటే పొడుగు అక్కర్లేదు. పాత రంగాన్ని తక్కువ చేసి రాసినవాళ్లను చూస్తే, రేపు మా దగ్గరినుంచి వెళ్లేటప్పుడు ఇలాగే అంటారు కదా అనిపిస్తుంది.

## పంపే ముందు, పంపాక

"మా కంపెనీ వారంటీ అంకెలు రాస్తే చిక్కేమైనా వస్తుందా?"

వస్తుంది. వారంటీ రేటు, తయారీ ఖర్చు, ఇంకా బయటికి రాని మోడల్, సరఫరాదారు పేరు, ఇవన్నీ సాధారణంగా మీరు సంతకం చేసిన గోప్యతా ఒప్పందం కిందకు వస్తాయి. మీరు స్వయంగా విప్పిన మోటార్ల సంఖ్యను కూడా "కాలిన వాటిలో సుమారు ఐదింట మూడొంతులు" అని నిష్పత్తిగా మార్చడం సురక్షితం. పోటీ కంపెనీకి రాస్తున్నప్పుడు ఇది మరీ ముఖ్యం. పాత యజమాని గుట్టు లేఖలోనే విప్పినవాళ్లకు తమ గుట్టు అప్పగించడానికి ఎవరైనా వెనకాడతారు.

"ఎంత పొడవు ఉండాలి? నోటీస్ పీరియడ్, సీటీసీ కూడా రాయాలా?"

ఇంగ్లీషులో 300 నుంచి 350 మాటలు, ఒక పేజీ, నాలుగు పేరాలు. అందులో సగం మీ ముఖ్యమైన పేరాకే ఇవ్వండి. పోర్టల్‌లో పెట్టె ఉంటే బుల్లెట్లు, బోల్డు లేని మామూలు అక్షరాలు అతికించండి, మెయిల్ అయితే పీడీఎఫ్ జతచేయండి. 90 రోజుల నోటీసు ఉంటే చివర ఒక లైనులో చెప్పేయండి, తర్వాత తెలిస్తే ఇరుపక్షాలకూ టైము వృథా. సీటీసీ అడిగితేనే చెప్పండి.

"పది లేఖలు పంపాను. తప్పు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?"

ఏ దశలో ఆగుతోందో చూడండి. ఒక్క కాల్ కూడా రాకపోతే చాలాసార్లు తప్పు లేఖలో ఉండదు, ఏళ్ల లెక్క దగ్గర పోర్టల్ ఆపేస్తోంది. వచ్చే రెండు మూడు రిఫరల్ ద్వారా పంపి తేడా చూడండి. హెచ్‌ఆర్ కాల్ వచ్చి, అక్కడే "మీది డిజైన్ ప్రొఫైల్ కదా" అని ఆగిపోతుంటే మొదటి పేరాలో వాళ్ల వస్తువు కనిపించడం లేదని. ప్రోడక్ట్ మేనేజర్ దాకా వెళ్లి, ఆయన లేఖలోని సంఘటన గురించి ఏమీ అడగకుండా పాఠ్యపుస్తకం ప్రశ్నలు వేస్తే, మీ ముఖ్యమైన పేరాలో పట్టుకోవడానికి ఏమీ దొరకలేదని. "ఆ ట్రిప్ సెట్టింగు ఎంత పెట్టమన్నారు, ఎందుకు?" అని అడిగారంటే లేఖ తన పని చేసేసింది. ఆ లెక్క మాత్రం నోటికి వచ్చి ఉండాలి.